ఫార్మాట్ నొక్కనివ్వని నిర్మల

చేవెళ్ల దవాఖానలో నిర్మలకు పంతొమ్మిదేళ్ల సర్వీసు. ఏఎన్ఎంగా చేరింది. కొన్నేళ్లుగా టీకాలు దాచే ఫ్రిజ్ బాధ్యత కూడా ఆమెదే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అందులోని వేడి ఎంతుందో చూసి రిజిస్టర్‌లో రాయాలి. పండగైనా, ఆదివారమైనా రాయాలి. కరెంటు పోయినప్పుడు కొత్తగా వచ్చిన స్టాఫ్ ఎవరైనా లోపల ఎట్లుందో చూద్దామని మూత మీద చెయ్యి వేస్తే, నిర్మల తన చెయ్యి దాని మీద పెడుతుంది. తెరవనంతసేపు లోపలి చల్లదనం లోపలే ఉంటుంది, తెరిచావంటే పోతుంది అని చెబుతుంది. గట్టిగా చెప్పదు. కానీ చెయ్యి మాత్రం తీయదు.

భర్త మహేశ్వర్ చందనవెల్లి వైపు ఒక డేటా సెంటర్‌లో యూపీఎస్ టెక్నీషియన్. పెద్ద హాలు నిండా వరసలు వరసలుగా ఉన్న బ్యాటరీలను చూసుకోవడం అతని పని. పొద్దున ఎనిమిదికి వెళితే రాత్రి ఎనిమిది దాకా లోపలే. ఫోన్ గేటు దగ్గర లాకర్‌లో పెట్టి వెళ్లాలి. ఇంట్లో వీళ్లిద్దరూ కాక అతని తల్లి అంతమ్మ, ఇంటర్ పూర్తి చేసిన కూతురు దీక్షిత ఉంటారు.

వాళ్ల ఇంట్లో ఫోటోల కోసం ప్రత్యేకంగా ఒక డబ్బా ఉండడానికి కారణం రెండు వేల ఇరవై అక్టోబరు వాన. అప్పుడు వాళ్లు మొయినాబాద్‌లో కిరాయికి ఉండేవాళ్లు. ఇల్లు పల్లంలో ఉండేది. ఒక్క రాత్రిలో మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. మంచం కింది ట్రంకుపెట్టెలో ఆల్బమ్‌లు ఉన్న సంగతి తెల్లారాకగాని ఎవరికీ గుర్తు రాలేదు. ఫోటోలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. నిర్మల వాటిని మంచినీళ్ల టబ్బులో నానబెట్టి, గోరుతో లాగకుండా, వాటంతట అవి విడిపోయేదాకా ఆగి, ఒక్కొక్కటే పాత చీర మీద ఆరబెట్టింది. ఆరిన కొద్దీ రంగులు కరిగిపోతుంటే దీక్షిత ఫోన్‌తో తీస్తూ పోయింది. రెండు రోజులు అదే పని. తర్వాత నెల తిరగకముందే ఆ కాగితాలకు బూజు పట్టింది, పారేయక తప్పలేదు. నిర్మల తొమ్మిదో ఏట పోయిన ఆమె తల్లి కనబడేది ఒకే ఒక్క ఫోటోలో. ఎవరిదో పెళ్లి పందిట్లో, ఒక మూలకు, చేతిలో పళ్లెం పట్టుకొని ఉంటుంది. అది కూడా ఇప్పుడు ఫోన్‌తో తీసిన నకలుగానే మిగిలింది.

చేవెళ్లలో సొంత ఇల్లు కట్టుకున్నాక మహేశ్వర్ ఈ డబ్బా కొన్నాడు. రెండు హార్డ్ డిస్కులు పట్టే చిన్న పెట్టె. ఇంటి వైఫైకి కలిపితే అందరి ఫోన్లలోని ఫోటోలు వాటంతట అవే అందులోకి వెళతాయి. ప్రతి ఫోటో రెండు డిస్కుల మీదా పడుతుంది. ఒకటి చెడిపోయినా రెండోది ఉంటుందని అతను వివరించాడు.

"రెండూ ఒక్కపారే పోతే?" అని నిర్మల అప్పుడే అడిగింది.

అతను నవ్వాడు గాని, ఆమె ఊరుకోకపోవడంతో అన్నీ ఇంకో చిన్న ఎక్స్‌టర్నల్ డిస్కులోకి ఎక్కించాడు. నిర్మల దాన్ని తీసుకెళ్లి చిన్న మంగళారం అనే ఊళ్లో తన అన్న ప్రభాకర్ ఇంట్లో బీరువాలో పెట్టించింది. ఆ తర్వాత ఫోటోల సంగతి ఆమె పట్టించుకోలేదు. అది భర్త చూసుకుంటున్నాడనుకుంది.

అసలు కష్టం ఈ ఏడు జూన్‌లో ఒక బుధవారం వచ్చింది. బుధవారం టీకాల రోజు. మధ్యాహ్నం రెండున్నరకు ఉరుములతో వాన కొట్టింది, కరెంటు నాలుగైదుసార్లు వచ్చి పోయింది. నిర్మల మిగిలిన టీకాలు ఫ్రిజ్‌లో సర్ది, రిజిస్టర్ రాసి, నాలుగింటికి ఇంటికి వచ్చింది.

ముందు గదిలో అంతమ్మ మంచం మీద తువ్వాల పరిచి ఉంది. దాని మీద రెండు హార్డ్ డిస్కులు పక్కపక్కన ఉన్నాయి. డబ్బా మూత తీసి గోడకు ఆనించి ఉంది. బస్టాండు దగ్గర మొబైల్, కంప్యూటర్ రిపేరు దుకాణం నడిపే గణేష్ స్టూలు మీద కూర్చొని లాప్‌టాప్‌లోకి చూస్తున్నాడు. అతని వెనక దీక్షిత నిలబడింది. తల్లిని చూడగానే పిల్ల ముఖం పాలిపోయింది.

ఏం జరిగిందో ముక్కలు ముక్కలుగా బయటపడింది. కరెంటు వచ్చిపోతున్నప్పుడు డబ్బా దగ్గర చిన్న శబ్దమై మాడిన వాసన వచ్చింది. మళ్లీ కరెంటు వచ్చినా డబ్బా వెలగలేదు. తల్లికి ఫోన్ చేయకుండా దీక్షిత గణేష్‌ను పిలిచింది. అతను అడాప్టర్ మాడిపోయిందని తేల్చాడు, డిస్కులు బాగానే ఉన్నాయేమో చూద్దామని రెండూ బయటికి తీశాడు. ఏది ఏ అరలోంచి తీశాడో గుర్తు పెట్టుకోలేదు. ఒక డిస్కును లాప్‌టాప్‌కు తగిలించాడు.

లాప్‌టాప్ తెర మీద చిన్న పెట్టె ఒకటి తేలి ఉంది. ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని అడుగుతోంది. గణేష్ వేలు మౌస్ మీద ఉంది.

"ఆగు," అంది నిర్మల. సంచి కింద పెట్టకుండానే వచ్చి లాప్‌టాప్ ముందు నిలబడింది. "గది నొక్కితె ఏమైతది?"

"డిస్క్ ఓపెన్ అయితది అక్కా. ఇప్పుడైతె కనబడ్తలేదు."

"లోపలున్నయి ఏమైతయి?"

గణేష్ తెర మీది మాట ఇంకోసారి చదివాడు. "ఉంటె పోతయి. గని లోపల ఏం లేవు కద. ఉంటె చూపెట్టేది."

"నీకు చూపెట్టకపోతె లేనట్టేనా? వేలు తియ్యి గణేష్."

అతను వేలు తీశాడు. చిన్నబుచ్చుకున్నాడని ఆమెకు తెలుస్తూనే ఉంది. తాను రోజూ పది డిస్కులు చూస్తానని, ఇట్ల వస్తే అందరికీ ఫార్మాటే కొడతానని అతను చెప్పుకుంటూ పోయాడు. వాళ్లందరి డిస్కులూ లాప్‌టాప్ కోసం చేసినవని, ఇది ఈ డబ్బా తన పద్ధతిలో రాసుకున్నదని, అందుకే లాప్‌టాప్‌కు చదవరాదని ఆ గదిలో ఎవరికీ తెలియదు. నిర్మలకు తెలిసింది ఒకటే. తెలియనప్పుడు ముట్టుకోకూడదు.

అతను రెండో డిస్కు తగిలించాడు. అది తిరగడం మొదలుపెట్టగానే లోపల్నించి టక్, టక్ అని గోటితో కొట్టినట్టు శబ్దం వచ్చింది. ఆగింది. మళ్లీ టక్, టక్. గణేష్ వైరు పీకి మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే. మూడోసారి పెట్టబోతుంటే నిర్మల వైరు మీద చెయ్యి వేసింది.

"ఒక్కపారి చూస్త అక్కా. ఒక్కోసారి పడ్తది."

"అరుస్తుంటె ఇంక నడిపిస్తవా దాన్ని? చాలు."

ఆ మాటతో అతను లేచాడు. డబ్బులేమీ వద్దన్నాడు, తాను ఏదీ చెడగొట్టలేదని రెండుసార్లు చెప్పాడు. నిర్మల అతన్ని కోప్పడలేదు. నువ్వు పిలిస్తే వచ్చినవు, నీ తప్పేమున్నదని గడప దాకా వచ్చి పంపింది. తర్వాత సంచిలోంచి దవాఖాన అంటుపట్టీ తీసి, చప్పుడు చేసిన డిస్కు మీద ఒక ముక్క, చేయనిదాని మీద ఒక ముక్క అతికించి, పెన్నుతో ఏది ఏదో రాసింది. రెంటినీ వేరువేరుగా పొడి బట్టల్లో చుట్టి, కదలకుండా బీరువాలో పెట్టింది.

అప్పుడు దీక్షిత ఏడ్చింది. ఏప్రిల్‌లో, తాను ఎంసెట్‌కు చదువుతున్నప్పుడు ఆ డబ్బా బీప్ బీప్ అని మొత్తుకునేదని, ఫోన్‌లోని యాప్ తెరిచి ఆ చప్పుడు ఆపేశానని చెప్పింది. డాడీకి చెప్పాలనుకొని మరిచిపోయిందట. పరీక్ష తర్వాత గుర్తొచ్చినా, ఇన్ని రోజులు చెప్పలేదని తిడతారని భయపడిందట. అంతమ్మ కూడా మెల్లగా నోరు విప్పింది. ఆ డబ్బాకు ఎర్ర దీపమొకటి వెలుగుతూ కళ్లలో పడుతుంటే దాని మీద బట్ట కప్పింది తానేనంది.

అంటే ఒక డిస్కు రెండు నెలల కిందనే పోయింది. అప్పట్నించి అందరి ఫోటోలూ రెండో డిస్కు ఒక్కదాని మీదే ఉన్నాయి. ఇప్పుడు గణేష్ ఫార్మాట్ నొక్కబోయింది ఆ డిస్కునే.

నిర్మల కూతుర్ని ఏమీ అనకుండా డేటా సెంటర్ గేటుకు ఫోన్ చేసింది. గేటు దగ్గర ఉండే గార్డు స్వామిదాసు ఎత్తాడు. లోపల ఉన్నవాళ్లను పిలవాలంటే ఏదైనా ఆపద ఉండాలమ్మా, ఇంట్లో ఎవరికైనా బాగలేదా అని అడిగాడు. ఎవరికీ ఏమీ కాలేదని, అయినా మాట్లాడాల్సిందేనని ఆమె చెప్పింది. టీకి బయటికి వచ్చినప్పుడు చెబుతానన్నాడు. ఆ గంటసేపూ ఆమె బీరువా ముందు కుర్చీ వేసుకొని కూర్చుంది.

ఐదు దాటాక మహేశ్వర్ ఫోన్ వచ్చింది. అంతా విని, చాలా మంచి పని చేసినవ్, ఎవ్వరూ ముట్టకండి అన్నాడు. అతని గొంతులో కంగారు ఆమెకు తెలుస్తోంది.

"ఫికర్ లేదు కద," అంది నిర్మల. "మా అన్న ఇంట్ల ఇంకోటి ఉన్నది. అది తెస్త రేపు."

అవతల లాకర్ తలుపు మూసిన చప్పుడైంది.

"వింటున్నవా?"

"అది మీ అన్న ఇంట్ల లేదు నిర్మలా. జనవరిల తెచ్చిన."

"ఎందుకు?"

"కొత్త ఫోటోలు ఎక్కిద్దామని. డబ్బా ఎనకనే పెట్టి ఎక్కించుడు షురూ చేసిన. మళ్ల చూడలే. వాపస్ ఇయ్యలే."

నిర్మల వెళ్లి చూసింది. డబ్బా వెనక, గోడకు డబ్బాకు మధ్య సందులో, చిన్న నల్ల డిస్కు ఇంకా వైరుకు వేలాడుతోంది. అదే ప్లగ్గు, అదే కరెంటు, అదే ఉరుము. దానికి ఏమైందో, జనవరిలో ఎక్కింది ఎంతో, పాతవి అందులో ఉన్నాయో లేదో ఎవరికీ తెలియదు.

"మరి డబ్బాకని పెట్టిన చిన్న యూపీఎస్?" అని అడిగింది.

"బ్యాటరీ పోయి ఏడాదైంది," అన్నాడు మహేశ్వర్. అక్కడ వందల బ్యాటరీలకు తేదీలు రాసిపెట్టే మనిషి, ఇంట్లో ఒక్కదాన్ని మార్చలేదు. ఆ మాట ఆమె అనలేదు. అతనికే అనిపించింది కాబోలు, సిగ్గైతుందే అని ఫోన్ పెట్టేశాడు.

మరునాడు అతను డ్యూటీ మార్చుకున్నాడు, నిర్మల సెలవు పెట్టింది. మహేశ్వర్, దీక్షిత పొద్దున్నే సికింద్రాబాద్ కంప్యూటర్ బజారుకు వెళ్లి, మాడిన అడాప్టర్ మీద రాసిన అంకెలతో సరిపోయే అడాప్టర్‌ను, డబ్బాలోకి ఒక కొత్త డిస్కును, ఒక కొత్త ఎక్స్‌టర్నల్ డిస్కును, యూపీఎస్‌కు బ్యాటరీని తెచ్చారు. పన్నెండింటికి చప్పుడు చేయని డిస్కును ఒక్కదాన్నే డబ్బాలో పెట్టారు. స్విచ్ వేసే ముందు మహేశ్వర్ చెయ్యి ఒకసారి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

డబ్బా గుర్రుమంది. రెండు నిమిషాలు ఏమీ తెలియలేదు. తర్వాత పచ్చ దీపం, పక్కన ఎర్ర దీపం వెలిగాయి. ఫోన్‌లో యాప్ తెరుచుకుంది. ఒక డిస్కు లేదని హెచ్చరిక, దాని కింద ఫోల్డర్లన్నీ ఉన్నాయి. 

మహేశ్వర్ కొత్త డిస్కు కవరు చింపాడు. పోయినదాని అరలో దీన్ని పెడితే డబ్బా తనంతట తానే ఉన్నదాన్ని చూసి కొత్తదాన్ని నింపుకుంటుందన్నాడు. పని అయిపోతుందన్నాడు.

నిర్మల అడిగింది. "నింపాలంటె ఉన్నదాన్ని మొత్తం చదవాలె కద?"

"మొదట్నించి చివరిదాక."

"అది కూడ ఆ పోయినదాంతోని ఒక్కనాడే కొన్నదే కద. మధ్యల అది కూడ పోతె?"

మహేశ్వర్ కొత్త డిస్కును పట్టుకొని అట్లాగే ఆగిపోయాడు. డేటా సెంటర్‌లో ఒకేసారి వచ్చిన బ్యాటరీలు ఒకే నెలలో వరసగా పోవడం అతను చూశాడు. డిస్కును కవరులో పెట్టేశాడు. ముందు ఫోటోలు బయటికి తీద్దామన్నాడు.

తీయడంలో ఏది ముందన్నది నిర్మలే నిర్ణయించింది. మొదట రెండు వేల ఇరవై అక్టోబరు వానప్పటి ఫోల్డర్, ఎందుకంటే వాటికి కాగితాలు కూడా లేవు. తర్వాత దీక్షిత పుట్టినప్పటివి. తర్వాత పోయిన పెద్దలున్నవి. ఫోన్లలోంచి వచ్చినవి చివర. ఎవరి దగ్గరైనా ఇంకో ప్రతి దొరికే అవకాశం ఉన్నవి అన్నిటికన్నా వెనక. ఒక్కో ఫోల్డర్ పేరు ఆమె చెబుతుంటే మహేశ్వర్ కొత్త ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ పెట్టాడు. టేబుల్ ఫ్యాన్ తెచ్చి డబ్బా వైపు తిప్పారు. అంతమ్మ వంటగదిలోకి పోలేదు. ఆమె మంచం మీదే కూర్చొని, తెర మీద కదిలే అంకెలను చూస్తూ, ఎంత అయింది, ఎంత అయింది అని అడుగుతూ ఉంది.

అక్టోబరు ఫోల్డర్ అరగంటలో అయిపోయింది. దీక్షిత వెంటనే అందులోంచి ఇరవై ఫోటోలు తెరిచి చూసింది. అన్నీ తెరుచుకున్నాయి. పళ్లెం పట్టుకున్న తల్లి కూడా కనబడింది. నిర్మల ఒకసారి చూసి, తర్వాతది పెట్టు అంది.

మూడు గంటలకు నూటికి డెబ్బై వంతులు అయ్యాయి. మూడున్నరకు కాపీ నెమ్మదించింది. ఒక్కో ఫోటో దగ్గర నిమిషం ఆగుతోంది. కొన్ని ఫోటోలు చదవలేకపోతున్నానని హెచ్చరిక వచ్చింది. మహేశ్వర్ ఆ ఫోల్డర్ వదిలేసి తర్వాతదానికి వెళ్లాడు. అది ఎక్కింది. ఇంకొకటి, చివరిది కూడా ఎక్కింది. వదిలేసినదానికి మళ్లీ వచ్చేసరికి డబ్బాలోంచి సన్నగా ఒక శబ్దం వినిపించింది. నిన్న సాయంత్రం ఆ గదిలో విన్న టక్ టక్ శబ్దమే.

"బంద్ చెయ్యి," అంది నిర్మల.

మహేశ్వర్ అప్పటికే బంద్ చేస్తున్నాడు.

తర్వాత మిగిలింది డబ్బా వెనక దొరికిన నల్ల డిస్కు. దాన్ని లాప్‌టాప్‌కు పెట్టారు. అది తెరుచుకుంది. ఉరుము దాన్ని ఏమీ చేయలేదు. పాతవన్నీ ఉన్నాయి. కొత్తవి ఎక్కించడం మాత్రం జనవరిలోనే మధ్యలో ఆగిపోయింది. ఆ రోజు కరెంటు పోయిందో, వైరు కదిలిందో. డబ్బా దగ్గర ఎవరూ లేరు కాబట్టి ఎవరూ చూడలేదు.

నల్ల డిస్కులో ఉన్నవి, కొత్త ఎక్స్‌టర్నల్ డిస్కులోకి ఎక్కినవి పక్కపక్కన పెట్టి దీక్షిత సాయంత్రం దాకా సరిచూసింది. ఇంటిల్లిపాది నలభై ఏళ్ల ఫోటోల్లో రెండేళ్ల కింది ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఉన్న అయిదు నెలలు మాత్రం ఎక్కడా దొరకలేదు. పదకొండు వందల ఫోటోలు. అంతమ్మ మోకాలి ఆపరేషన్ తర్వాత మొదటిసారి నడిచిన వీడియో అందులోదే. ప్రభాకర్ కూతురు ప్రగతి పెళ్లి అందులోదే. దీక్షిత అందరి ఫోన్లలో జాగా కోసం, డబ్బాలో ఉన్నాయి కదా అని, వాటిని అప్పట్లోనే తీసేసింది.

నగరంలో డిస్కులు విప్పి డేటా తీసే ల్యాబు ఒకటుంటే మహేశ్వర్ రెంటినీ తీసుకెళ్లాడు. మొదట పోయినదానికి లోపల గీతలు పడ్డాయి, ఏమీ రాదన్నారు. రెండోదాంట్లోంచి నూటముప్పై ఫోటోలు తీసి ఇచ్చారు. వాటిలో సగానికి కింది భాగం బూడిద రంగులో ఉంది. నడిచిన వీడియో రాలేదు. అంతమ్మ అది విని, నడిచిన కాళ్లు నాయే కద, ఉన్నయి కద అంది గాని, ఆ పూట అన్నం సరిగా తినలేదు.

ఆ తర్వాత ఇంట్లో వాదన క్లౌడ్ గురించి నడిచింది. నెలనెలా కడితే ఫోటోలు కంపెనీ వాళ్ల దగ్గర కూడా ఉంటాయని దీక్షిత అంది. మహేశ్వర్‌కు అది ఇష్టం లేదు. క్లౌడంటే ఆకాశంలో లేదు, నేను బ్యాటరీలు తుడిచే బిల్డింగే, మన ఫోటోలు పరాయి వాళ్ల దగ్గరెందుకు అన్నాడు. నిర్మల అడిగింది, ఆ బిల్డింగులో కరెంటు పోతే ఏమవుతుందని. బ్యాటరీలు ఎత్తుకుంటాయి, తర్వాత జనరేటర్లు ఎత్తుకుంటాయి, ఒక బిల్డింగు పోయినా ఇంకో ఊళ్లో ఇంకోటి ఉంటుంది అని అతను చెప్పాడు. "మరి మనింట్ల ఎత్తుకున్నది ఏంది?" అంది ఆమె. అతను లాప్‌టాప్‌ను దీక్షిత వైపు జరిపాడు. ఇంటి నెట్ మీద అవన్నీ పైకి ఎక్కడానికి పదకొండు రోజులు పట్టింది.

దీక్షిత దానికి కొన్ని జాగ్రత్తలు తీసుకుంది. ఫోన్‌లో తీసేస్తే క్లౌడ్‌లో కూడా పోయేలా కాకుండా, వేరేగా నిలిచేలా అమర్చింది. ఫోన్ పోయినా అకౌంట్ తెరవడానికి పనికివచ్చే కోడ్‌లను కాగితం మీద అచ్చు తీసి ఇంట్లో ఒకటి, మామయ్య బీరువాలో ఒకటి పెట్టింది. అమ్మానాన్నలు చాలాకాలం అకౌంట్ తెరవకపోతే అది తన పేరుకు వచ్చేలా రాయించుకుంది. డబ్బా మళ్లీ నడుస్తోంది. రెండు కొత్త డిస్కులు వేరువేరు దుకాణాల్లో, నెల తేడాతో కొన్నవి. ఎక్స్‌టర్నల్ డిస్కులు ఇప్పుడు రెండు. ఒకటి ఇక్కడ నిండుతుంటే ఒకటి చిన్న మంగళారంలో ఉంటుంది. కొత్తది ప్రభాకర్ చేతిలో పెట్టాకే పాతది తీసుకొస్తుంది నిర్మల. రెండూ ఒక ఇంట్లో ఒక్క రాత్రి కూడా ఉండనివ్వదు. అయిదారేళ్లకు ఒకసారి అన్నిటినీ మార్చాలని మహేశ్వర్ ఒప్పుకున్నాడు. ఏ డిస్కూ జీవితాంతం ఉండేది కాదని అతనే అన్నాడు.

మొన్న ఆగస్టులో డిస్కు మార్చడానికి వెళ్లినప్పుడు ప్రభాకర్ ఇంట్లో ప్రగతి ఉంది. పెళ్లిలో నిర్మల వాళ్లు తీసిన ఫోటోలు పోయిన సంగతి విని, ఆ పిల్ల తన వాట్సాప్‌లో చాలాసేపు వెనక్కి వెళ్లి వెతికింది. అప్పట్లో నిర్మలే తన పాత ఫోన్ నుంచి పంపిన ఇరవై ఆరు ఫోటోలు దొరికాయి. వాట్సాప్‌లో నలిగి చిన్నవైపోయిన ఫోటోలు, పెద్దవి చేస్తే ముఖాలు చెదిరిపోతున్నాయి. ఇంకా ఎవరెవరికి పంపించినవ్ అత్తా అని ప్రగతి అడిగింది. ఇద్దరూ అరుగు మీద కూర్చొని పేర్లు గుర్తు చేసుకున్నారు. నిర్మల వాళ్లకు ఒక్కొక్కరికే ఫోన్ చేయడం మొదలుపెట్టింది. మూడో ఫోన్‌కు అవతలి మనిషి, ఉన్నట్టున్నయి, జర ఆగు చూస్త అంది. నిర్మల ఫోన్ చెవికి ఆనించుకొని అట్లాగే కూర్చుంది.